సేటు కన్ను, నల్ల తెర

జనగామలో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తానంటే అందరూ నవ్వారు. నవ్వకుండా పని ఇచ్చింది విత్తనాల హోల్‌సేల్ సేటు ఒక్కడే. తరిగొప్పుల వైపు దుకాణాలవాళ్ళు నేను చేసిచ్చిన సైట్‌లో ఏ విత్తనాలు అడిగారో పొద్దంతా చూసుకోవడమే ఆయన పని. కంటి ఆపరేషన్ అయ్యాక తెల్ల తెర చూస్తే నీళ్ళు కారేవి. "ఇంకో వారం జూస్త. గిట్లనే గారితే ఇంట్ల కూసోవెడ్త" అని ఆయన భార్య తేల్చేసింది.

సేటు నన్ను పిలిపించాడు. "తమ్మీ, గీ తెల్లది జర నల్లగ చెయ్యి. ఇంట్ల కూసుంటే పిచ్చిలేస్తది నాకు."

రంగులన్నీ ఒకేసారి మార్చుకునేలా సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో పెట్టాను. బటన్ నొక్కితే తెలుపు నలుపవుతుంది. ఆ ఎంపికను బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్ గుర్తుపెట్టుకుంటుంది. ఇక నా అంత మొనగాడు లేడనుకున్నాను.

మర్నాడే ఫోన్. "ఏంది తమ్మీ, పేజీ మారినప్పుడల్లా మొఖం మీద టార్చి గొడ్తుంది!"

తప్పు నాదే. రంగు మార్చే స్క్రిప్టును పేజీ చివర పెట్టాను. అది నడిచేలోపు తెల్ల పేజీ కనబడిపోతోంది. దాచిన ఎంపికను చదివే నాలుగు లైన్లను పేజీ మొదట్లో ఉండే హెడ్‌లోకి మార్చాను. ఇప్పుడు పేజీ కనబడకముందే రంగు ఖాయమవుతుంది. మెరుపు పోయింది.

కానీ రోజూ పొద్దున మళ్ళీ తెలుపే! "బటన్ సరిగ్గ ఒత్తు సేటూ" అని మూడు రోజులు ఆయన్నే కసిరాను. నాలుగో రోజు సాయంత్రం స్వయంగా వెళ్ళి కూర్చున్నాను. ఆయన భార్య దుకాణం ఊడ్చింది, తక్కెడ తుడిచింది, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్‌లో ఉన్నదంతా చెరిపేసింది. నా లోకల్ స్టోరేజ్ కూడా చెత్తతోపాటే పోయింది.

"గదేందమ్మా?"

"రిపేరు పిలగాడు జెప్పిండు, కచరా ఉంటే స్లో అయితదని. దినాం ఊడుస్త."

మూడు రోజులు పెద్దమనిషిని కసిరినందుకు సిగ్గుతో చచ్చాను. ఆమెను మానమనే ధైర్యం లేదు. దాచిన ఎంపిక లేకపోతే కంప్యూటర్ సెట్టింగును అడగమని హెడ్‌లోని స్క్రిప్టుకు చెప్పాను. కంప్యూటర్‌నే డార్క్ మోడ్‌లో పెట్టాను. ఆమె ఎంత ఊడ్చినా ఆ సెట్టింగు పోదు.

మర్నాడు పొద్దున ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. సైట్ నల్లగానే తెరుచుకుంది. సేటు పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆమె తెరను కాదు, ఆయన కన్నునే చూసింది. ఒక్క చుక్కా కారలేదని చూసుకుని చెప్పులు వేసుకుంది.

"నేను ఇంటికి వోత. దుకాణం జూస్కోండ్రి."

ఆమె వీధి మలుపు తిరిగాక సేటు కళ్ళు తుడుచుకున్నాడు. నేను హడలిపోయి తెరవైపు చూశాను. అది నల్లగానే ఉంది.