నూనె చుక్క లేని కూర

నేను ఇన్నేళ్లు ఏమీ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. చిన్నప్పుడు నా తర్వాత నలుగురు పుట్టారు. వాళ్లను చంకన మోయడంతోనే నా బడి ఈడు గడిచిపోయింది. రెండో కారణం పొగరు. మూడు వందల మందికి పెళ్లి వంట చేసినా కొలతలన్నీ నా తలలోనే ఉండేవి. కాగితంతో నాకేం పని అనుకునేదాన్ని. అరవై రెండో ఏట ఆ పని పడింది.

అంతకు రెండేళ్ల ముందు, ఎనిమిదేళ్ల నా మనవరాలికి కడుపునొప్పి వచ్చింది. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి. మైదుకూరులో సూది వేయించి తెస్తే సాయంత్రానికి మళ్లీ మెలికలు తిరిగిపోయింది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ రక్తం తీసిన నర్సమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఇంకో నర్సమ్మను కూడా పిలిచి చూపించింది. రక్తం ఎర్రగా లేదు, పాలు కలిపినట్టుంది. కాసేపు నిలబెడితే పైన మీగడ తేలింది. క్లోమం వాచిందని, అందుకు కారణం రక్తంలో వేలల్లో ఉన్న ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వని డాక్టరు చెప్పాడు.

ఆ కొవ్వు తగ్గడానికి అందరికీ ఇచ్చే మాత్రలే ఇచ్చారు. నెలలు గడిచినా అది దిగలేదు. ఇంకోసారి నొప్పి వచ్చింది. అప్పుడు రక్తం హైదరాబాదుకు పంపి పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలిసింది. మనం తిన్న కొవ్వు రక్తంలోకి చేరాక దాన్ని విడగొట్టే పదార్థం ఒకటుంటుందట. మా బిడ్డకు అది పుట్టుకతోనే పనిచేయదు. మామూలు మాత్రల బలం చాలావరకు ఆ పదార్థం మీదే ఆధారపడుతుంది కాబట్టి, అది లేనిచోట వాటి వల్ల పెద్దగా ఫలితం ఉండదు. తల్లిలో ఒక లోపం, తండ్రిలో ఒక లోపం, ఇద్దరికీ ఏ బాధా లేదు. రెండూ బిడ్డలో కలిశాయి. నా కొడుక్కి మా అన్న కూతుర్ని చేసింది నేనే. ఆ మాట విని నేను తల దించుకుంటే, తెలిసి చేసింది కాదు గదా అని నా కోడలే నా చేయి పట్టుకుంది.

ఇక మందు తిండే అన్నాడు డాక్టరు. రోజు మొత్తానికి అన్నింటిలోనూ కలిపి కొవ్వు పదిహేను గ్రాములు దాటకూడదు. చక్కెర, బెల్లం కూడా తగ్గించాలి. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే డైటీషియను, కడప అమ్మాయి, ఒక నోటుపుస్తకం ఇచ్చి ఎవరు వండితే వాళ్లు అందులో రాయమంది.

వండేది నేను. రాసేది కోడలు. ఆమె కుట్టు పని ముగించుకుని వచ్చి, పెన్ను పట్టుకుని అడిగేది. ఏం కూరత్తా? వంకాయ. నూనె? చుక్క లేదు. ఆమె అలాగే రాసేది. బిడ్డకు వేరే చిన్న గిన్నెలో వండేదాన్ని. నీళ్లతోనే పోపు, ఆవిరి మీద కూరలు, మీగడ పూర్తిగా తీసిన మజ్జిగ, రాగి సంగటి. ఇంట్లో నెయ్యి వాసన కూడా లేకుండా చేశాను.

అయినా కొవ్వు దిగలేదు. రెండుసార్లు పరీక్ష చేయించినా అంతే. బిడ్డ బయట ఏమైనా తింటోందేమో చూడమని డాక్టరు అన్నాడు. మా అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. బడి ముందు మిరపకాయ బజ్జీల బండి ఉంటుంది. మావాడు పోయి, విరామంలో పిల్లను ఒక కంట కనిపెట్టమని టీచరమ్మకు చెప్పి వచ్చాడు. ఆ రోజు బిడ్డ అన్నం ముందు కూర్చుని ఏడవలేదు, అరవలేదు.

“నేను తినల్యా జేజీ. నువ్వన్నా నమ్ము,” అంది.

నేను నమ్మాను. నమ్మితే సరిపోదు, చూపించాలి. బిడ్డ నోట్లోకి పోయేదంతా నా చేతి మీదుగానే పోతుంది. అది నేనే, పూసగుచ్చినట్టు, చేసిన వెంటనే రాస్తే ఆ డాక్టరే ఒప్పుకుంటాడనుకున్నాను. మరుసటి రోజు నుంచి వీధి చివరి అంగన్‌వాడీకి పోయి మూడేళ్ల పిల్లల పక్కన చాప మీద కూర్చున్నాను. ఒకడు నా పలక మీద చేయి పెట్టి, “నీది వంకర పోయిందవ్వా,” అన్నాడు. నిజంగానే వంకర పోయింది. వాడు ఆ ఏడాది ఉప్మా మీద ధ్యాసతో వెనకబడ్డాడు, నేను ముందుకు పోయాను. నాలుగు నెలలకు నాకు ‘వంకాయ’, ‘చింతపండు’, ‘పిడికెడు’ రాయడం వచ్చింది.

ఆ తర్వాత నెల రోజులు నేనే రాశాను. అక్షరాలు పెద్దవి కావడంతో కూరకొక పేజీ పట్టింది. పుస్తకం చంకన పెట్టుకుని, బిడ్డను తీసుకుని, గెలవబోయే దానిలా కర్నూలుకు పోయాను. రక్తం ఫలితం అలాగే ఉంది. డైటీషియను నా పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. ఇంకో పేజీ తిప్పింది. అక్కడా ఆగింది.

“జేజీ, ఈ చెనిక్కాయల పొడి పిడికెడు అని రాసినారు. ఎవరి కూరలో?”

“బిడ్డ కూరలోనే. నూనె లేక చప్పగా ఉంటాదని చిక్కగా వేస్తాండా.”

“రోజూనా?”

“కూరకు అది లేకుంటే ఎట్లమ్మా? నూనె మాత్రం చుక్క వేయలేదు, చూసుకో.”

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. “గానుగలో ఏం పోస్తారు జేజీ?”

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నూనె ఆడించడానికి ఆ చెనిక్కాయలే, వేరుశనగ గింజలే, గానుగకు మోసినదాన్ని. మా వైపు ఆ పొడి పసుపు, కారం లాగా కూరలో ఒక భాగం. దాన్ని ఎవరూ వేశామని కూడా చెప్పరు. కోడలు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఒక్క పిడికెడులోనే బిడ్డకు రోజంతటికీ సరిపడా కొవ్వుందని ఆ అమ్మాయి లెక్క చెప్పింది.

“నూనె మాన్పించి గానుగే తినిపించినావు గద జేజీ,” అంది నా మనవరాలు. ముందు అదే నవ్వింది. తర్వాత డైటీషియను. నాకు ఏడుపొస్తోంది, కానీ వాళ్ల నవ్వు చూసి నేనూ నవ్వేశాను. పొడికి బదులు పుట్నాల పొడి చిన్న చెంచాతో కొలిచి వేయొచ్చని ఆ అమ్మాయి చెప్పింది. రక్తాన్ని అంతగా పాలు చేయని వేరే రకం నూనె ఒకటుందని, డాక్టరును అడిగి కొద్దికొద్దిగా మొదలుపెడదామని కూడా అంది.

ఆ తర్వాతి పరీక్షల్లో కొవ్వు వేల నుంచి వందల్లోకి దిగింది. మామూలు మనుషుల కంటే ఇప్పటికీ ఎక్కువే. జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ ఇది రాసే నాటికి ఏడాదయింది, ఆ నొప్పి మళ్లీ రాలేదు.

కర్నూలు నుంచి వచ్చిన మరుసటి ఉదయం నేను బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి ఉగ్గాని చేశాను. ఉల్లిపాయలు నీళ్లు చిలకరించి మగ్గించాను. పుట్నాల పొడి చెంచా నిండా తీసి, పైన కత్తితో చదును చేసి వేశాను. అంతా పుస్తకంలో రాశాను. తర్వాత మనవరాలితో బడికి నడిచిపోయి టీచరమ్మను గేటు దగ్గరే ఆపాను.

“ఈ పిల్లను ఇంక కనిపెట్టొద్దు టీచరమ్మా. తినకూడనిది తినలేదు. పెట్టింది నేనే,” అన్నాను.

టీచరమ్మ ఏమిటని అడిగింది. అక్కడే నిలబడి గానుగ సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. బండి దగ్గర బజ్జీలు కొంటున్న ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా దగ్గరికి వచ్చారు. సగంలో ఉండగా మనవరాలు నా కొంగు లాగింది.

“చాల్లే జేజీ, అందరూ వింటాండారు,” అంది. విననీ అన్నాను. మిగతా సగం కూడా చెప్పి, దాన్ని లోపలికి పంపి ఇంటికి వచ్చాను.