అలమేలుమంగ ఎడమ చెయ్యి

గుడియాత్తం బజారులో స్టూడియో పెట్టుకున్న రంగస్వామికి తన కళ్ల మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఎవరింటికి పోయినా ముందు గోడ మీది ఫోటోలు చూస్తాడు. ఈయన తల పైన జాగా ఎక్కువైపోయింది, ఆమె మెడ మీద నీడ తప్పుగా పడింది అని కాఫీ వచ్చేలోగా తీర్పులన్నీ చెప్పేస్తాడు. అదే తన ఇంట్లో భార్య చిన్నమణి కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "టీ అయిందా?" అని అడుగుతాడు. చీర సంగతి ఆమె నోరు విప్పి చెప్పే దాకా ఆయనకు తెలియదు.

అరవై దాటాక కంప్యూటరు పట్టుకున్నాడు. వేలూరులో ఉండే మేనకోడలు మహతి ఆయనకు జెనరేటివ్ ఫిల్ నేర్పించింది. ఫోటోలో తెగిపోయిన వైపు కాన్వాసు పెంచి, ఆ ఖాళీని, దాని పక్కనున్న ఫోటోను కొద్దిగా కలిపి గీత గీసి ఎంచుకుని బటన్ నొక్కితే, మిషను లేనిదాన్ని ఊహించి మూడు రకాలుగా చూపిస్తుంది. ఒకటి ఏరుకోవడమే మన పని. ఆ ఏరడాన్నే రంగస్వామి పెద్ద విద్యగా చెప్పుకునేవాడు. "మిషను గీస్తాది, కరెక్టా లేదా అని చూసేది ఈ కన్ను" అని కళ్లద్దాలు పైకి తోసేవాడు.

ఒక సోమవారం జవుళి వ్యాపారి జయరామయ్య కోడలు సురేఖ వచ్చింది. చేతిలో మడత పడకుండా పుస్తకం మధ్యన పెట్టి తెచ్చిన పాత ఫోటో ఉంది.

"అన్నా, మా అత్తగారిది. ఆలంగాయంలో ఎవరిదో పెళ్లిలో తీసింది. ఇది తప్ప ఇంగొకటి లేదు. ఏదో ఫ్రేములో పట్టలేదని పక్కలు కత్తిరించేసినారు."

అలమేలుమంగ కుర్చీలో కూర్చుని ఉంది. కొప్పు పైభాగం లేదు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. కుడి చెయ్యి ఒళ్లో ఉంది, గాజులు పైట అంచు కింద సగం కనిపిస్తున్నాయి.

"మా పాప కార్తీక పెళ్లికి ముందు, శుక్రవారం సుమంగళి ప్రార్థన పెట్టుకున్నాం. మా అత్త ముత్తైదువగా పోయింది గదా, ఆమెకు చీర పెట్టి మొక్కాల. ఫోటో పెద్దదిగా కావాల. తెగిన చెయ్యితో పూజలో పెడితే మా మామ ఒప్పుకోడు."

"నువ్వు పోయి పెళ్లి పనులు చూసుకోమ్మా. ఆ చెయ్యి నా బాధ్యత" అన్నాడు రంగస్వామి. ఆ మాట తర్వాత ఆయనకు చాలాసార్లు వినిపించింది.

ఫోటో స్కాన్ చేసి, పైన, చెయ్యి తెగిన పక్కన కాన్వాసు పెంచాడు. కొప్పు మొదటి ప్రయత్నంలోనే వచ్చింది, వెనక తెర మడతలు కూడా కలిశాయి. చెయ్యి మాత్రం మొండికేసింది. మొదటి రకంలో ఆరు వేళ్లు. రెండో దాంట్లో అలమేలుమంగ చేతికి ఎన్నడూ లేని తోలు సంచి. మూడోది చక్కగా ఉంది. నిండైన ముంజేయి, మోకాలి మీద వాలిన అరచెయ్యి.

ఇక పరీక్ష మొదలుపెట్టాడు. పెద్దది చేసి వేళ్లు లెక్కపెట్టాడు. గోళ్లు చూశాడు. పాత చెయ్యి కొత్త చెయ్యి కలిసే చోట రంగు తేడా ఉందేమోనని అటూ ఇటూ జరిపి చూశాడు. చీర కుచ్చిళ్ల మీద నీడ ఏ పక్క పడిందో చూశాడు. పాత ఫోటోలో సన్నటి ఇసుకలాంటి గరుకు ఉంటుంది, మిషను గీసింది నున్నగా ఉంటుంది. అందుకని కొత్త భాగానికీ కాస్త గరుకు అద్దాడు. బొమ్మను తలకిందులు చేసి కూడా చూశాడు, తప్పులు అట్లా తొందరగా దొరుకుతాయని.

ఒక్క తప్పూ దొరకలేదు. తనకు తానే శభాష్ చెప్పుకుని, వేలూరు బస్సెక్కి, ల్యాబులో పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించుకుని వచ్చాడు. బస్సులో పక్క సీటాయనకు కూడా అట్ట విప్పి చూపించాడు. ఆయన కాట్పాడిలో దిగాలి, దిగలేక లత్తేరి దాకా వచ్చాడు.

బుధవారం సాయంత్రం తానే జయరామయ్య ఇంటికి తీసుకుపోయాడు. హాల్లో పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఫ్రేము ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. రంగస్వామి మెచ్చుకోలు కోసం మెడ కాస్త వంచి నిలబడ్డాడు.

"రంగస్వామీ."

"చెప్పండన్నా."

"నేను ఎప్పుడు పోయినాను నాయనా?"

"అన్నా?"

"లేదప్పా, నాకు ఎవురూ చెప్పలేదు. నా పెండ్లాం చెయ్యి బోడిగా ఉండాదే, అందుకని అడుగుతా ఉండా. నన్ను ముందే సాగనంపినావా?"

రంగస్వామి వంగి చూశాడు. వేళ్లు ఐదే ఉన్నాయి. గోళ్లు ఉన్నాయి. నీడ ఉంది. మణికట్టు మీద గాజు ముక్క లేదు. పెళ్లింట ముత్తైదువ పూజకు, ఒక చేతికి గాజులు, ఒక చెయ్యి బోడి! అంగుళం అంగుళం వెతికిన కంటికి చెయ్యంతా కనబడింది, చెయ్యి ఎవరిదో కనబడలేదు.

సురేఖ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో రంగస్వామికి అర్థం కాలేదు. రెండూ ఆయనకు తగినవే. "శుక్రవారం పొద్దున పూజ అన్నా" అంది మెల్లగా.

"రేపు సాయంత్రం లోపల" అన్నాడు. ఫ్రేము చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

ఇంట్లో చిన్నమణికి చూపించి, "దీంట్లో తప్పేముందో చెప్పు" అన్నాడు, ఆమెకూ తట్టకపోతే కాస్త ఓదార్పుగా ఉంటుందని.

"గాజులు యాడ?" అంది ఆమె, కూర కలుపుతూనే.

పొద్దున్నే మణికట్టు చుట్టూ గీత గీసి, గాజులు కావాలని రాసి బటన్ నొక్కాడు. మొదటివి చర్మంలోకి కరిగిపోయాయి. రెండోసారి చేతి గడియారం వచ్చింది. మూడోసారి వచ్చినవి గాజుల్లా లేవు, స్ప్రింగు చుట్టినట్టు ఉన్నాయి. కంప్యూటరును తిట్టబోయి ఆగాడు. అలమేలుమంగ ఏ గాజులు వేసుకుందో దానికెట్లా తెలుస్తుంది? ఆమె గాజులు ఎట్లాంటివో తెలిసేది ఒకే చోట, అదే ఫోటోలో, ఒళ్లోని కుడి చేతికి.

ఆ కుడి చేతి గాజుల్లో కనిపించే భాగాన్ని వేరే లేయరు మీదికి, ఫోటో పైన పరిచే పలచని పొర మీదికి తీసి, అద్దంలోలా తిప్పి, ఎడమ మణికట్టు వంపుకు సరిపడా వంచాడు. ఎదురుగా ఫ్లాష్ పడిన ఫోటో కాబట్టి తిప్పినా వెలుగు తప్పు పక్కకు పోలేదు. పైట చాటున దాగిన సగాన్ని మాత్రం ఎక్కడినుంచో పుట్టించకుండా, ఎడమ చేతి మీద కూడా కొంగు అంచు కొద్దిగా జార్చి కప్పేశాడు. తెలియనిదాన్ని దాచెయ్యడం తనకు బాగా వచ్చిన విద్యేనని ఒప్పుకున్నాడు.

ఈసారి ప్రింటుకు ముందే లాప్‌టాప్ ఎత్తుకుని జయరామయ్య దుకాణానికి పోయాడు. "నేను చూసింది చాలన్నా. మీరు చూడండి."

పెద్దాయన చెయ్యి చూశాడు, తల ఊపాడు. తర్వాత చాలాసేపు ముఖం చూశాడు.

"ముఖం ఏమన్నా ముట్టుకున్నావా?"

"లేదన్నా. కొత్తదంతా వేరే లేయర్లలో ఉండాది. చూడండి." లేయర్ల పక్కనుండే కంటి గుర్తులు ఒక్కొక్కటే నొక్కాడు. గాజులు పోయాయి, చెయ్యి పోయింది, కొప్పు పోయింది. స్కాన్ చేసిన పాత ఫోటో అట్లాగే మిగిలింది.

"నిలుపు, అట్లనే ఉండనీ" అన్నాడు జయరామయ్య. పక్కన కత్తిరించిన ఆ ఫోటో నాలుగేళ్లుగా ఆయన మంచం పక్కనే ఉంటోంది. "పూజకు చెయ్యి ఉండేది వెయ్. నాకు మాత్రం ఇది ఒకటి. ఇట్లనే. చేతులు కాళ్లు ఏమీ పెట్టొద్దు."

"పెట్టను."

"పెట్టవులే. నీ చేతికి దొరికితే మళ్లీ నన్ను ముందే పంపించేస్తావు."

ఆ మధ్యాహ్నం రంగస్వామి రెండు ప్రింట్లకోసం మళ్లీ వేలూరు బస్సెక్కాడు. రెండు రోజులు గుడ్లు పోయేలా చూసి చేసిన చెయ్యి ఒక అట్టలో, తాను వేలు పెట్టనిది ఇంకో అట్టలో. తిరుగు బస్సులో రెండోదే ఒళ్లో పెట్టుకున్నాడు. పక్క సీటాయన ఏమిటని అడిగాడు కూడా. రంగస్వామి అట్ట విప్పలేదు.