పదిహేనో కట్ట సగంలో

కోరుట్లలో గౌరవ్వతో పేచీ పెట్టుకున్నవాడు ఆమె మరిచిపోతుందని ఆశ పెట్టుకోకూడదు. పొయ్యి మీది కూర పిల్లి తిన్నదన్న తగువుకు పక్కింటావిడతో పదకొండేళ్లు మాట్లాడలేదు. ఆ పిల్లి చచ్చాక కూడా నాలుగేళ్లు మాట్లాడలేదు. మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. ఎదురుగా కూతురు వర్ష పుస్తకాలు. వాళ్ల లోకం అంతే.

ఆ లోకానికి ఒక్క గోడ అవతల పారిజాత గార్డెన్స్. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే జాగా. పేరుకు గార్డెన్సే గానీ చెట్టూ లేదు, పైకప్పూ లేదు. ఆరుబయట స్టేజీ, స్టేజీకి రెండు వైపులా మనిషెత్తు డీజే బాక్సులు. యజమాని కొమురెల్లి.

పోయినేడు వర్ష ఇంటర్ మొదటి సంవత్సరం. లెక్కల పరీక్షకు ముందురోజు అక్కడ రిసెప్షన్. ఇంట్లో గిన్నెలు కూడా డీజేకు తాళం వేస్తుంటే గౌరవ్వ వెళ్లి చేతులు జోడించింది. "జర సప్పుడు తగ్గియ్యిండ్రి, రేపు నా బిడ్డకు పరీక్ష." కొమురెల్లి పక్క దుకాణం నుంచి దూది ప్యాకెట్ తెప్పించి, పదిమంది చూస్తుండగా ఆమె చేతిలో పెట్టాడు. "గౌరవ్వా, ఇగో, బిడ్డ చెవులల్ల పెట్టు." అందరూ నవ్వారు. వర్ష ఆ పరీక్ష తప్పింది. మళ్లీ కట్టి గట్టెక్కింది గానీ, గౌరవ్వ ఆ ప్యాకెట్‌ను దేవుడి పటాల పక్కన పెట్టింది. రోజూ దీపం పెట్టేటప్పుడు దాన్ని చూసేది. ఈ దూదిని ఆ మనిషి చేతిలోనే తిరిగి పెట్టాలి, అదీ పదిమంది చూస్తుండగానే. దేవుణ్ణి ఆమె అడిగింది అదొక్కటే.

ఈ ఏడు వర్షకు రెండో సంవత్సరం. అందులోనూ పోతే ఇంజినీరింగ్ మాట మరిచిపోవాల్సిందే. ఫిబ్రవరిలో పెళ్లిళ్లు మొదలయ్యాయి, గార్డెన్స్‌లో బాక్సులూ మొదలయ్యాయి. గౌరవ్వ ఒక నోటుబుక్కు కొన్నది.

పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ జగదీశ్ ఆ నోటుబుక్కు తెరిచి మొదటి పుట చదివి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఫిబ్రవరి పద్దెనిమిది. ఏడుకు కూసున్న. రెండో కట్ట నుంచి పదిహేడో కట్ట ఒడిసేదాక."

"గిదేందమ్మా? టైం ఏది?"

"గదే టైం సార్. బీడీల కట్టలు. చుట్టుకుంట గడియారం ఏడ చూస్త?"

జగదీశ్ నవ్వాడు గానీ, చెడ్డవాడు కాదు. "గిట్ల రాస్తె సార్ల ముందట నిలవడదమ్మా. ఏ తారీఖు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాక, ఏ జాగ, ఇంటి నంబర్, ఎవలు జిమ్మేదారు, అన్నీ ఉండాలె. ఎదురుంగ పాషా భాయ్ ఉంటడు, అర్జీ రాపిచ్చుకొని రా."

పాషా ముప్పై ఏళ్లుగా స్టేషన్ ఎదుట అర్జీలు రాస్తున్నాడు. మనిషి ఎంత ఏడ్చినా ముందు తేదీ అడుగుతాడు. గౌరవ్వ లెక్క విని ఆయన నవ్వలేదు. "నువ్వు చుట్టు చెల్లె, నేను గడియారం చూస్త," అన్నాడు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, కొత్త ఆకు, తంబాకు తెచ్చుకుంటున్న చాట ఆమె దగ్గరే ఉంది. అరుగు మీదే కూర్చుని ఇరవై ఐదు బీడీలు చుట్టి కట్ట కట్టింది. పావుగంట. నమ్మకం చాలక ఇంకో కట్ట చుట్టించాడు. మళ్లీ పావుగంటే.

"అయితే ఏడుంబావు నుంచి పదకొండుంబావు దాక," అని రాసుకుని పాషా కలం ఆపాడు. "కానీ చెల్లె, ఇది నీ మాట, నా గడియారం. వాడు కాదంటడు. ఇంక మోగినప్పుడల్ల నూరుకు ఫోన్ కొట్టు. బండి పంపుతరు, స్టేషన్ల రాసుకుంటరు. కట్ట నంబర్ గూడ రాసుడు ఇడిశిపెట్టకు."

మార్చి ఒకటి, నాలుగు, ఆరు. మూడు రాత్రులూ పది దాటాక మోగింది. మూడుసార్లూ గౌరవ్వ ఫోన్ చేసింది. గస్తీ బండి వచ్చినప్పుడు తగ్గేది, పోగానే లేచేది. అవతల మోగుతుంటే ఇవతల ఆమె పెదవులు నవ్వేవి. మోగించురా కొడకా, మోగించు, అనుకుంటూ దారం బిగించేది. గోడ వైపు తిరిగి కూర్చున్న కూతురి వీపు అప్పుడు ఆమెకు కనబడలేదు, నిజం చెప్పాలి మరి.

ఏడో తారీఖున పాషా అర్జీ రాశాడు. నాలుగు తేదీలు, నాలుగు వేళలు, గార్డెన్స్ గేటు మీది ఇంటి నంబరు, కొమురెల్లి పేరు తండ్రి పేరుతో సహా. గౌరవ్వ దాన్ని స్టేషన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఎస్సై సంధ్యారాణి గౌరవ్వను కూర్చోబెట్టి కొమురెల్లిని పిలిపించింది. మైకు అనుమతి కాగితాలు అడిగితే ఆయన ఒక్కటే చూపించాడు, నాలుగో తారీఖుది. అందులోనూ రాత్రి పది దాకా అనే ఉంది.

"పదికే బంద్ చేసిన మేడం. ఈమెకు గడియారం సూసుడు గూడ రాదు, బీడీలు లెక్కవెట్టి కేసు పెడుతుంది," అన్నాడు కొమురెల్లి.

ఎస్సై నోటుబుక్కు తీసుకుంది. "మార్చి నాలుగు. ఏడుకు కూసున్న. పదిహేనో కట్ట సగంల ఫోన్ చేసిన." కట్టకు పావుగంట చొప్పున వేళ్ల మీద లెక్క వేసింది. పద్నాలుగు కట్టలకు మూడున్నర గంటలు, అంటే పదిన్నర, పైన ఇంకో సగం కట్ట. తర్వాత గౌరవ్వను ఫోన్ అడిగి తీసుకుని చూసింది. నూరుకు చేసిన కాల్ పది ముప్పై ఎనిమిదికి. స్టేషన్ పుస్తకంలో గస్తీ బండి గార్డెన్స్‌కు చేరింది పది యాభై రెండుకు, మైకు మోగుతున్నదని రాసి ఉంది.

"కొమురెల్లి గారూ, ఈమె కట్టలు మీ గడియారం కంటే నయమున్నయి," అంది ఎస్సై.

ఆ సాయంత్రమే ఇంకో ఫంక్షన్‌కు అనుమతి లేకుండా మైకు పెడితే పోలీసులు పంచనామా రాసి బాక్సులు, మిక్సర్ స్వాధీనం చేసుకున్నారు. కేసు కట్టారు, తహసీల్దారు ముందు పూచీకత్తు రాయించే బైండోవర్‌కు పంపుతామన్నారు. వాడకట్టంతా గేటు దగ్గర నిలబడి చూసింది. గౌరవ్వ ఇంట్లోంచి కదలలేదు. తన వంతు ఇంకా రాలేదని ఆమెకు తెలుసు.

వచ్చింది. వర్ష చివరి లెక్కల పరీక్ష రాసి వచ్చిన మధ్యాహ్నం, కొమురెల్లి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. వాడవాళ్లు ఒక్కొక్కరే అరుగుల మీదికి వచ్చారు.

"అక్కా," అన్నాడు. ఏడాది కింద గౌరవ్వా అన్న నోరే. "పెండ్లోళ్లు పైసలు వాపస్ అడుగుతున్నరు. నువ్వు రాజీకొస్తె ఒక్క మాటతోని అయిపోతది."

"నిలవడు," అని గౌరవ్వ లోపలికి వెళ్లింది. పటాల పక్కన చెయ్యి పెట్టి ప్యాకెట్ తీసింది. అది చేతిలో గరగరమంది. లోపల దూది లేదు, పాత ప్రశ్నపత్రాల ఉండలు ఉన్నాయి.

"నేనే తీసిన అమ్మా," అంది వర్ష పుస్తకాలు సర్దుతూ. "మూడు రాత్రులు పెట్టుకొనే సదివిన. నీకు తెలిస్తె ఊకోవని కాగితాలు కుక్కిన."

గౌరవ్వకు సిగ్గేసింది. బిడ్డ చెవులకు కావలసిన దూదిని తాను ఏడాదిగా ఆ మనిషి చేతికోసం దాచింది. ఆ సిగ్గు ఒక్క క్షణమే. రెండో క్షణానికి అదంతా కోపమై కూర్చుంది.

ఉండలు తీసేసి, ఖాళీ కవరు తెచ్చి కొమురెల్లి చేతిలో పెట్టింది.

"నువ్విచ్చిన దూది నా బిడ్డ చెవులకే ఒడిసింది. నా చెవులకు మిగల్లే. గందుకే అన్నీ ఇనవడ్డయి, అన్నీ రాసిన. రాజీ లేదు, పో."

ఎవరూ నవ్వలేదు. కొమురెల్లి కవరును ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఏడుకు గౌరవ్వ చాట ముందు కూర్చుని అలవాటుగా నోటుబుక్కులో తారీఖు వేసింది. పదిహేనో కట్ట కట్టేవేళకు వర్ష గోడవైపు కాకుండా తల్లివైపు తిరిగి పడుకుని ఉంది. తారీఖు ఎదురుగా రాయడానికి ఏమీ లేదు.