ఎనిమిది వారాల నిబంధన

ఉదయగిరిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే విద్యాశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. నా అంశం ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. పిల్లలు పాఠాన్ని ముందే ఇంట్లో వీడియోలో చూసుకుని వస్తారు, క్లాసులో లెక్కలు చేస్తారు, చర్చించుకుంటారు. రెండేళ్లుగా నా క్లాసులో నేను చేస్తున్నది అదే. అది పనిచేస్తుందని నాకు గట్టి నమ్మకం.

గైడ్ మేడమ్ మాత్రం నా నమ్మకాన్ని అంతగా పట్టించుకోలేదు. "ప్లస్ టూ పిల్లల మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వెతికి, ఒకచోట పెట్టి చూడండి. దానికి ముందు ప్రోటోకాల్ రాయండి" అన్నారు. ఏ మాటలతో వెతుకుతాం, దొరికినవాటిలో ఎలాంటివి తీసుకుంటాం, ఎలాంటివి వదిలేస్తాం అన్నది వెతకడం మొదలుపెట్టకముందే రాసి, ఎవరైనా చూడగలిగే రిజిస్ట్రీలో నమోదు చేయాలి. తర్వాత మనకు నచ్చినట్టు మార్చుకునే వీలు లేకుండా అది కట్టడి అన్నమాట.

ప్రతి పరిశోధననూ ఇద్దరు వేరువేరుగా చూసి నిర్ణయించాలి కాబట్టి నాకు ఒక జోడీ కావలసి వచ్చింది. బీఈడీలో నా గదిలో ఉన్న స్నేహితుడు ఆత్మకూరులో లెక్కల లెక్చరర్. అడగ్గానే ఒప్పుకున్నాడు. ఆదివారాలు వింజమూరులో బస్సు మారి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. భోజనాల బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చునేవాళ్లం.

వెతికే మాటలు రాయడం సులువనుకున్నాను. 'ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్', 'ఫ్లిప్డ్ లెర్నింగ్', 'ఇన్వర్టెడ్ క్లాస్‌రూమ్' ఒక గుంపు. వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు. 'హయ్యర్ సెకండరీ', 'సీనియర్ సెకండరీ', 'హైస్కూల్', 'పదకొండో తరగతి', 'పన్నెండో తరగతి' ఇంకో గుంపు. రెండు గుంపుల నుంచీ కనీసం ఒక్కో మాట ఉన్న వ్యాసాలే రావాలి. మార్కులు, ఫలితాలు అనే మాటలు కావాలనే పెట్టలేదు. చాలామంది సారాంశంలో వాటిని రాయరు, పెడితే మంచివి జారిపోతాయి.

మా వెతుకులాట సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి మేడమ్ ఆరు పరిశోధనల పట్టిక ఇచ్చారు. ఆ ఆరూ వలలో పడాలి. ఐదే పడ్డాయి.

ఆరోది తెరిచి చూసి నా స్నేహితుడు పకపకా నవ్వాడు. "ఒరే, మనం చెప్పేది ఏ పిల్లోళ్లకిరా? ఇంటర్మీడియట్ అనే మాట ఏదీ మనం రాసిన మాటల్లో? పదైదేళ్లుగా దాంట్లోనే జీతం తీసుకుంటా మర్చిపోయినావే!"

సిగ్గేసింది. వెంటనే 'ఇంటర్మీడియట్' చేర్చాను. చేర్చగానే వందలకొద్దీ వచ్చి పడ్డాయి. అన్నీ 'ఇంటర్మీడియట్ స్థాయి' ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల మీద రాసినవే. ఆ ఒక్క మాట తీసేసి 'ఇంటర్మీడియట్ కాలేజీ', 'ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం' లాంటి పదబంధాలు పెట్టాం. 'జూనియర్ కాలేజీ' కూడా చేర్చాం. అమెరికాలో ఆ పేరుతో ఉండేవి బడి చదువు అయిపోయాక చేరే కాలేజీలని అప్పుడే తెలిసింది. అవి వస్తే రానీ, చదివే తరగతి చూసి తర్వాత తీసేద్దాం అనుకున్నాం. ఈసారి ఆరూ దొరికాయి.

వాటితోపాటు నేనెప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. పదకొండో తరగతి, ఫిజిక్స్, మూడు వారాల ప్రయోగం. నిబంధనలు రాయకముందే ఫలితాలు చూడకూడదు, అయినా ఆగలేక చివరిదాకా చదివేశాను. వీడియోలు చూసి వచ్చిన పిల్లలకంటే మామూలుగా పాఠం విన్న పిల్లలకే మార్కులు ఎక్కువొచ్చాయి.

ఆ వారం ఇంట్లో కూర్చుని ఏవి తీసుకోవాలో తేల్చే నిబంధనలు రాశాను. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలై ఉండాలి. వేరే తరగతులతో కలిపి చేస్తే, వీళ్ల ఫలితాలు విడిగా ఇచ్చి ఉండాలి. క్లాసుకు ముందు పాఠం, క్లాసులో పిల్లలు చేసే పని రెండూ ఉండాలి. మామూలు పద్ధతిలో చదివిన ఇంకో గుంపుతో పోల్చి ఉండాలి. పరీక్ష మార్కులు ఉండాలి. చివర్న ఇంకో వాక్యం చేర్చాను: ప్రయోగం కనీసం ఎనిమిది వారాలు నడిచి ఉండాలి.

ఆదివారం నా స్నేహితుడు ఒక్కో నిబంధనా చదువుతూ పోయి అక్కడ ఆగాడు.

"ఎనిమిదే ఎందుకురా? ఆరెందుకు కాదు? పది ఎందుకు కాదు?"

"పిల్లలకు అలవాటు కావాలి కదా. మూడు వారాల్లో ఏం తెలుస్తుంది?"

"మూడని నేను అన్లేదే!" నా వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆ ఫిజిక్స్‌ది బయటికి పోవాలనే కదా ఇది రాసినావు?"

కాదన్నాను. అధ్యయనాల నాణ్యత గురించి ఏదేదో మాట్లాడాను. వాడు విన్నాడు.

"నీ క్లాస్ మీద నీకు ప్రేమ ఉండాది, సరే. ఫలితం చూసినాక గేటు కడితే మాత్రం ఇంక ఈ పనెందుకురా? నీకు నచ్చినవి నాలుగు ఏరుకుని రాసుకో. నన్ను మాత్రం పిలవబాక."

భోజనానికి కూడా ఆగకుండా బయల్దేరాను. బస్సులో వాడి మీద కోపం తగ్గలేదు. వాడికి ఫ్లిప్డ్ క్లాసంటే ముందునుంచీ ఇష్టం లేదని కూడా అనుకున్నాను. అది నిజం కాదని నాకు తెలుసు.

మర్నాడు సెకండియర్ క్లాసులో విద్యుత్ ప్రవాహం మీద లెక్కలు ఇచ్చాను. చెరువు పక్క పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఒకతె కాగితం ముందు ఊరికే కూర్చుంది. మొదట్లో వీడియోలన్నీ చూసి వచ్చి, క్లాసులో అందరికంటే ముందు లెక్క తేల్చింది తనే. పక్కకు పిలిచి అడిగాను.

"మొదట మూడు వారాలు చూసినాను సార్. ఆమీద నాయన చేపలకు పోయేటప్పుడు ఫోన్ తీసుకుపోతా ఉండాడు. ఆయన వచ్చేసరికి చార్జింగ్ ఉండదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

ఎవరెవరు ఇంకా చూస్తున్నారని క్లాసంతా అడిగాను. నేను అనుకున్నదాంట్లో సగం చేతులు కూడా లేవలేదు. కొత్తలో అందరూ చూశారు, రోజులు గడిచేకొద్దీ మానేశారు. ఎక్కువ కాలం నడిస్తే ఫలితం బాగుంటుందని నేను తేల్చేసుకున్న మాటకు నా క్లాసులోనే ఆధారం లేదు. బాగుండొచ్చు, తగ్గిపోవచ్చు. అది ఈ పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూశాక మా రివ్యూ తేల్చాల్సిన ప్రశ్న. దాన్ని తీసుకెళ్లి నేను గుమ్మం దగ్గర కాపలా పెట్టాను.

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పింది నిజమేరా. అది చూసినాకే రాసినాను."

"తెలుసులే" అన్నాడు. "మేడమ్‌కి చెప్పినావా?"

చెప్పాలంటే భయమేసింది. కానీ ఆమె కోప్పడలేదు. "మీరు చూసేశారు, చూడనట్టు చేయలేరు కదా. ఆ మాటే ప్రోటోకాల్‌లో రాయండి" అన్నారు. కాలవ్యవధి నిబంధన తీసేశాం. తక్కువ కాలం నడిచినవీ ఎక్కువ కాలం నడిచినవీ ఫలితాల్లో తేడా చూపిస్తున్నాయా అన్నది విడిగా పరిశీలిస్తామని విశ్లేషణ భాగంలో రాశాం. పిల్లలు నిజంగా ముందు పాఠం చూశారా లేదా అన్నది ప్రతి వ్యాసం నుంచీ నమోదు చేసుకునే పట్టికలో కొత్త గడిగా చేరింది. ముందు పాఠమంటే వీడియోనే కానక్కర్లేదు, అచ్చు నోట్సయినా సరేనని కూడా తేల్చుకున్నాం. వెతుకులాటను సరిచూసే సమయంలో ఒక అధ్యయనం ఫలితం రచయితల్లో ఒకరికి ముందే తెలిసిందని ఒక వాక్యం రాశాను. చిన్న వాక్యమే, మూడుసార్లు కొట్టేసి రాస్తే గానీ కుదరలేదు.

తర్వాతి ఆదివారం ఆత్మకూరులో ఇద్దరం కలిసి ప్రోటోకాల్‌ని రిజిస్ట్రీలో పెట్టేశాం. వాళ్లావిడ చేపల పులుసు చేసింది. "ఈసారైనా తినిపోతారా అన్నా?" అని అడిగితే పళ్లెం దగ్గరికి లాక్కున్నాను.

తిన్నాక ల్యాప్‌టాప్‌లు తెరిచి, దొరికిన సారాంశాలు చెరో పక్కన చదవడం మొదలుపెట్టాం. ఒకరు ఏం నిర్ణయించారో ఇంకొకరికి కనబడకూడదు కాబట్టి వాడు కుర్చీ తీసుకుని వసారాలోకి వెళ్లాడు. ఎండ దిగేదాకా లోపల ఫ్యాను కింద నేను, బయట వాడు ఒక్కో సారాంశం చదివి ఎవరి నిర్ణయం వాళ్లం రాసుకుంటూ పోయాం.