తుది కూర్పుకు నా సమ్మతి

రెండువేల దశకం చివరిలో హైదరాబాదు నుంచి ఒకామె నన్ను వెతుక్కుంటూ నంద్యాలకు వచ్చింది. పగలు కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం, సెలవు రోజుల్లో పాడ్‌కాస్టు. అంటే రేడియో లాంటిదే, ఇంటర్నెట్లో పెడతారు, కావలసినవాళ్లు దించుకుని వింటారు. నాటకాల్లో ఆడవేషాలు వేసిన మగవాళ్లతో మాట్లాడుతున్నానని చెప్పింది. తొంభైల్లో నేను ఒక నాటక సమాజంలో రాణి వేషాలు వేసేవాణ్ణి. అప్పటికి అవన్నీ మానేసి విత్తనాల కొట్లో లెక్కలు రాసుకుంటున్నాను. కొట్టు వెనక గోడౌన్లో బస్తాల మధ్య కూర్చుని చాలాసేపు మాట్లాడాను. చిన్న రికార్డరును మా మధ్య పెట్టి, ఆమె అడ్డు రాకుండా వింది.

కొన్ని వారాల తర్వాత కొరియరులో ఒక ఉత్తరం, ఒక సీడీ వచ్చాయి. ఉత్తరం తెలుగులోనే ఉంది. మాట్లాడినదంతా అరగంటకు కుదించానని, ఏయే భాగాలు తీసేసిందీ కింద రాశానని, సీడీ విని ఏదైనా మార్చమంటే మారుస్తానని, నా సంతకం చేరేదాకా దాన్ని ఎక్కడా పెట్టనని రాసింది. పేరు చెప్పాలో వద్దో నా ఇష్టం. పెట్టాక వద్దంటే తన సైటు నుంచి తీసేయగలను గానీ, అప్పటికే దించుకున్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తేలేనని కూడా దాచకుండా రాసింది. ఉత్తరం రెండు ప్రతుల్లో ఒకటి సంతకం చేసి పంపమంది.

పాటల కోసం కొన్న ప్లేయర్లో సీడీ వేసి విన్నాను. గొంతు నాదే, మాటలూ నావే. ఒకచోట ఆపి మళ్లీ విన్నాను. "మా నాయన ఒక్కసారే చూసినాడు. సగంలో లేచిపోయినాడు. ఆయనకు నామోషీ." అంతటితో ఆ భాగం అయిపోయి, వెంటనే మేకప్ సంగతి మొదలైంది. ఆ రోజు గోడౌన్లో నేను అక్కడ ఆగలేదు. మరుసటి వారం నాయన మా ఊరు ఆళ్లగడ్డ నుంచి, నేను ఇంట్లో ఉంచిన నాటకం చీర తీసుకొచ్చాడని, దానికి ఊడిన జరీ అంచు తానే కుట్టించాడని కూడా చెప్పాను. తీసేసిన భాగాల వరుసలో ఆమె దాన్ని "చీర మరమ్మతు" అని రాసింది.

అది నా ఒక్కడి సంగతి కాదనిపించి, ఆదివారం సీడీ, ప్లేయరు రెండూ తీసుకుని ఆళ్లగడ్డ పోయాను. నాయన శిల్పాలు చెక్కే పని మానేసి చాలా రోజులైంది. పంచలో కూర్చుని ఉన్నాడు.

"ఏందిది?" అన్నాడు.

"నేను మాట్లాడింది, నాయనా. నీ గురించి కూడా ఉంది. ఇంటర్నెట్లో పెడతారంట. నువ్వు వినకుండా సంతకం పెట్టలే."

తల వంచుకుని మొత్తం విన్నాడు. ఆ మాట వచ్చినప్పుడు కూడా తల ఎత్తలేదు. అయిపోయాక అడిగాడు.

"నామోషీ అని నీకెవరు చెప్పినారు?"

"లేచిపోయినావు కదా."

"కడపటి బస్సు పోతాదని లేచినా. తెల్లారి గుడి పని అప్పజెప్పల్ల. ఆ మాట నన్నెప్పుడన్నా అడిగినావా?"

అడగలేదు. ఆయన చెప్పింది నిజమో, ఇప్పుడు నా కోసం అన్నదో నాకు తెలీదు. మళ్లీ అడగలేదు కూడా.

"మరి చీర సంగతి తీసేసినారు. పెట్టమని రాయనా?"

"లేచిపోయింది పెట్టుకోమను. చూసినోళ్లున్నారు, అబద్ధం కాదు. చీర సంగతి కూడా పెట్టమను. ఆ నామోషీ మాట మాత్రం తీపియ్యి. అది నేను అన్న మాట కాదు."

నంద్యాలకు తిరిగొచ్చి ఆ మూడు సంగతులూ కాగితం మీద రాసి పంపాను. సంతకం పెట్టలేదు. ఆమె ఫోను చేసింది.

"అన్నా, చీర భాగం నిడివి కోసమే తీశాను. దాంతో అర్థం మారిపోయిందని నాకు తట్టలేదు. మేకప్ భాగం కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. మార్చిన సీడీ, కొత్త ఉత్తరం వచ్చాయి. ఈసారి నాయన పేరు ఎక్కడా రాదని ఒక వాక్యం అదనంగా ఉంది. నేను అడగకుండానే చేర్చింది. విని, సంతకం పెట్టి పంపాను.

ఆమె దాన్ని ఇంటర్నెట్లో పెట్టిన రోజు నెట్ సెంటర్లో కూర్చుని విన్నాను. లైను నిదానంగా ఉండి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎంతమంది విన్నారో నాకు తెలీదు. మా కొట్టు యజమాని విని, "ఆడగొంతు చేసి చూపియ్యలేదేంది?" అన్నాడు. ఆమె అడగలేదని చెప్పి, ఆ రోజు రావలసిన పొద్దుతిరుగుడు విత్తనాల లోడు సంగతి చూడడానికి లేచాను.