కొలంబోలో బాపయ్య నంబరు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు బాపయ్య గొంతు పెద్దది, చెయ్యి పొదుపైనది. రైతు తన నోటితో సరేనంటే తప్ప సరుకు అమ్మడు. ఆ పట్టింపువల్ల చేజారిన బేరాలున్నాయి, అయినా మనిషి మారలేదు.

అలాంటివాడు ఒక ఎగుమతిదారు తరఫున అయిదు రోజులు కొలంబో వెళ్లాల్సి వచ్చింది. కోడలు భవ్య రోమింగు ప్యాకు వేయిస్తానంది, పాత నంబరే అక్కడా మోగుతుందని నచ్చజెప్పింది. అక్కడి ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూపించి సిమ్ము కొంటే అంతకంటే చవక, పైగా బోలెడు నెట్టు అని బాపయ్య వాదన. అదీ నిజమే కాబట్టి ఆమె ఊరుకుంది.

దిగగానే సిమ్ము కొన్నాడు. ఫోనులో రెండో సిమ్ము పెట్టాల్సిన చోట మెమరీ కార్డు ఉంది, దాన్నిండా మిరప శాంపిళ్ల వీడియోలే. అందుకని ఇంటి సిమ్ము తీసి పర్సులో దాచాడు. వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తోంది, ఇంటికి వీడియో కాలూ కలిసింది. తన తెలివికి తానే మురిసిపోయాడు.

మూడో రోజు అష్రఫ్ అనే వ్యాపారి మంచి ధర చెప్పాడు. అయితే కంటైనరు నిండాలంటే ఇంకో నలభై మూటలు కావాలి, మధ్యాహ్నంలోగా మాట ఖాయం కావాలి. అన్ని మూటలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని కూర్చున్నవాడు సత్తెనపల్లి కౌలు రైతు యలమంద. అతని ఏడాది కష్టమంతా అందులోనే ఉంది.

యలమందది బటన్ ఫోను, వాట్సాప్ లేదు. కొత్త సిమ్ముతో ఆరుసార్లు చేసినా ఎత్తలేదు. గుంటూరు నుంచి భవ్య చేసినా అంతే. తెలియని నంబరు ఎత్తితే మోసగాళ్లు ముంచేస్తారని అతనికి నూరిపోసింది బాపయ్యే మరి. మధ్యాహ్నం దగ్గరపడుతోంది. సిగ్గు చంపుకుని, ఇంటి సిమ్ము తీసి పర్సులో పెట్టిన సంగతి కోడలికి చెప్పాడు.

"మావయ్యా, మెమరీ కార్డు తీసేసి అక్కడ మన సిమ్ము పెట్టండి. చిన్న రోమింగు ప్యాకు నేనిక్కణ్ణించి వేస్తాను. నెట్టు కొలంబో సిమ్ముమీదే ఉంచండి, కాలు మాత్రం మన నంబరుతో చెయ్యండి."

అష్రఫ్‌కి వీడియోలు ఎప్పుడో చూపించేశాడు కాబట్టి కార్డుతో ఇక పని లేదు. సిమ్ము మార్చాడు, ప్యాకు పడినట్టు మెసేజీ వచ్చింది. మొదటి రింగుకే యలమంద ఎత్తాడు. కొలంబోలో బేరం తగిలిందంటూ బాపయ్య ధర చెప్పబోయాడు.

"కొలంబో నించా? బిల్లు వాచిపోద్ది బాపయ్యా. ధర నాకెందుకు చెప్పడం, నువ్వు సరేనంటే సరే" అని టక్కున పెట్టేశాడు.

బాపయ్యకు కళ్లు చెమర్చాయి. వెంటనే తుడుచుకుని, పావుగంటసేపు అష్రఫ్‌తో పీకులాడి, క్వింటాలుకి మూడొందలు పెంచాడు. మళ్లీ యలమందకి ఫోను చేశాడు. ప్యాకులో నిమిషాలు బోలెడున్నాయని కసిరి, అంకె మొత్తం వినిపించి, అతని నోటితో సరే అనిపించుకున్నాకే అష్రఫ్‌తో చెయ్యి కలిపాడు.