సోమవారం రాని లారీ

మంగళవారం సాయంత్రం సంఘం గోదాము ముందు నల్లబల్ల మీద బ్లెస్సీ ఆ రోజు జీడిపిక్కల రేటు రాసింది. ఎనభై కిలోల బస్తా పన్నెండు వేల నలభై. సుద్దముక్క ఇంకా చేతిలో ఉండగానే వెనక నుంచి సింహాచలమ్మ గొంతు లేచింది.

"ఏటే పిల్లా ఇది? కాశీబుగ్గ బజార్లో ఇయాల రెండొందలు పెరిగిందని మా అల్లుడు ఫోను సేసినాడు. ఇక్కడ సూత్తే రెండొందలు తగ్గిపోనాది. పెరిగితే తగ్గడం ఏటే? ఏ ఊరి లెక్క ఇది?"

బ్లెస్సీ బల్ల వైపు తిరిగి అంకె మళ్ళీ చూసుకుంది. అదే ఆమె కొంప ముంచింది.

వజ్రపుకొత్తూరు మండలంలోని ఆ ఊళ్ళో జీడి రైతులు సంఘం పెట్టుకుని రెండేళ్ళయింది. అంతకు ముందు దలారి ఎంత చెబితే అంత. తూకంలో కోత, తేమ పేరు చెప్పి ఇంకో కోత. సంఘం వచ్చాక పలాసలోని ఒక జీడి ఫ్యాక్టరీతో ఒప్పందం రాసుకున్నారు. బజారు నడిచిన చివరి ఐదు రోజుల ధరలు కలిపి, ఐదుతో భాగించగా వచ్చినదే రేటు. ఒక్కరోజు ధర పడిపోయినంత మాత్రాన రైతు మునగకూడదని అలా పెట్టారు. ఆ లెక్క వేసే పని బ్లెస్సీది.

బ్లెస్సీ తల్లి దీనమ్మ ఇరవై ఏళ్ళు జీడిపిక్కలు ఒలిచింది. పిక్క తొక్కలోని నూనెకు కాలి కాలి ఆమె వేళ్ళ కొనలు నల్లగా, మొద్దుగా తయారయ్యాయి. బియ్యం ఏరితే రాయి తగిలిందో లేదో కూడా తెలియదు. ఆ వేళ్ళతోనే కూతుర్ని బీకాం దాకా చదివించింది. చదువయ్యాక బ్లెస్సీ కాశీబుగ్గలో ఒక షేర్ల కొట్లో మూడేళ్ళు పనిచేసింది. రిటైరైన మాస్టార్లు వచ్చి తెర మీద గీతలు చూసి, ఈ గీత ఆ గీతను దాటిందని పింఛను డబ్బు పోసేవారు. పోగొట్టుకున్నవాళ్ళ ముఖం చూడలేక మానేసి ఊరొచ్చింది. సంఘంలో జీతం తక్కువ. కానీ ఇక్కడ అంకెలకు మనుషులుంటారనుకుంది.

ఉన్నారు. వాళ్ళే ఇప్పుడు గోదాము ముందు గుమిగూడారు.

"షేర్ల కొట్లో పన్జేసిన పిల్ల. అంకెలు అటూ ఇటూ తిప్పడం తెల్దేటి?" అన్నారెవరో.

"పేక్టరీవోళ్ళు ఏటైనా ముట్టజెప్పినారేమో. సర్చి పేటలో కొత్త సిమెంటు బస్తాలు దిగినాయంట."

ఆ సిమెంటు చర్చి ప్రహరీకి. అది అందరికీ తెలుసు. అయినా బ్లెస్సీ ఉండే పేట పేరు రాగానే ఎవరూ కాదనలేదు. ఇదే లెక్క పై వీధి కుర్రాడు వేసి ఉంటే, ముందు లెక్క అడిగేవారు. బ్లెస్సీని ముందే దొంగను చేసి, ఆ తర్వాత లెక్క అడిగారు.

అధ్యక్షుడు తవిటయ్య మెత్తని మనిషి. తల గోక్కుంటూ, "అమ్మీ, రేపు పొద్దున మీటింగెట్టుకుందాం. అప్పటికి సమాధానం సూసుకో. లేపోతే... మరి నా సేతుల్లో లేదు. నిన్ను తీసీమని కాయితం రాసీసినారు" అన్నాడు.

ఇంటికి వెళ్ళి బ్లెస్సీ ధరలన్నీ మళ్ళీ వేసుకుంది. లెక్క తప్పలేదు. తప్పు లేకపోవడమే ఆమెను మరింత కలవరపెట్టింది.

పొద్దున మీటింగులో నల్లబల్ల మీద ఆరు ధరలు రాసింది. కిందటి బుధవారం పదమూడు వేల రెండు వందల పదిహేను. గురు, శుక్ర, శని, సోమ నాలుగు రోజులూ పన్నెండు వేలు. ఆదివారం బజారు లేదు. మంగళవారం పన్నెండు వేల రెండు వందలు.

"ఆ బుధవారం అంత ధర ఎందుకొచ్చింది?" అన్నాడు తవిటయ్య.

"పై ఊళ్ళ నుంచొచ్చిన ఇద్దరు కొనుగోలుదార్లు లారీ నిండక వేలం పాడుకున్నారు బాబాయ్. ఒక్కరోజే. ఇప్పుడు సూడండి. మన లెక్క అయిదుగురు పట్టే షేరాటో. కొత్తోడు ఎక్కితే, అందరికన్నా ముందెక్కినోడు దిగిపోవాల. సోమవారం నాటికి ఆటోలో బుధవారం ఉన్నాడు. అయిదూ కలిపితే అరవై ఒక్క వేల రెండొందల పదిహేను. అయిదుతో భాగిస్తే పన్నెండు వేల రెండొందల నలభై మూడు. మంగళవారం రెండొందలు ఎక్కువతో ఒకడెక్కినాడు. కానీ దిగినోడెవడు? ఆ బుధవారపోడు. మిగిలింది అరవై వేల రెండొందలు. అయిదో వంతు పన్నెండు వేల నలభై."

"అంటే నిన్నటి ధర మంచిదే, బొజ్జోడు దిగిపోబట్టి ఆటో తేలికైపోనాదంటావు," అన్నాడొకడు. కొందరు నవ్వారు. సింహాచలమ్మ నవ్వలేదు.

"మరి ఆ గురువారపోడికీ నిన్నటోడికీ ఒకటే వాటా ఏటే? వారం కిందటి ధరతో నాకేటి పని? నిన్నటి ధర నిన్నటిది కాదేటి?"

"అలాంటి లెక్క కూడా ఉంది పిన్నీ. తరవాణి కుండ లాంటిది. కుండలో మూడో వంతు తీసేసి, ఆ మేరకు కొత్త గంజి పోస్తాం. కొత్తదాని రుచి ముందు తగుల్తుంది. పాత పులుపు రోజురోజుకూ పలచబడుద్ది గానీ ఒక్కసారిగా పోదు. షేర్ల కొట్లో దాన్ని ఎక్స్‌పొనెన్షియల్ సగటు అనేవారు. అయిదు రోజుల లెక్కకి రెండుని ఆరుతో భాగిస్తారు. మూడో వంతు. ఇయాల్టి ధరకి మూడో వంతు బరువు, నిన్నటిదాకా తేలిన సగటుకి మూడింట రెండొంతులు."

బ్లెస్సీ ఆ లెక్కా రాసింది. బుధవారానికి ముందు కుండలో ఉన్న సగటు పన్నెండు వేలు. బుధవారం ధర అంతకంటే పన్నెండు వందల పదిహేను ఎక్కువ. అందులో మూడో వంతు నాలుగు వందల ఐదు కలిపితే పన్నెండు వేల నాలుగు వందల ఐదు. తర్వాత ఆ ఎక్కువ రోజూ మూడో వంతు తరిగి, రెండు వందల డెబ్భై, నూట ఎనభై, నూట ఇరవై అయి, సోమవారానికి ఎనభై. మంగళవారం ధర ఈ సగటు కంటే నూట ఇరవై ఎక్కువ. అందులో మూడో వంతు నలభై. మొత్తం పన్నెండు వేల నూట ఇరవై.

"సూసినారా? ఈ లెక్కలో నిన్న నలభై పెరిగింది."

"అయితే అదే గావాల మనకి!" అని నలుగురూ అరిచారు. తవిటయ్య అక్కడికక్కడే ఫ్యాక్టరీ కొనుగోలు మేనేజరు ఫణిశంకర్‌కి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

ఫణిశంకర్ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఓ, తప్పకుండా! రైతు బాగుంటేనే మేం బాగుంటాం. రేపటి నుంచే ఆ పద్ధతి పెట్టేసుకుందాం."

జనం ముఖాలు వెలిగాయి. బ్లెస్సీ ముఖం మాత్రం వాడిపోయింది. ఇప్పటికీ తేమ పేరు చెప్పి బస్తాకు అరకిలో కోసే మనిషి అడగ్గానే ఇచ్చాడంటే ఏదో ఉంది.

సింహాచలమ్మ కూడా కళ్ళు చిట్లించింది. "ఈడేటి, ఇంత బేగి ఒప్పీసుకున్నాడు? సరేగానీ పిల్లా, సోమారం తూకం వేసీసినాం గదా. సోమారమే లారీ వత్తాదన్నారు. మంగళారం ఎందుకొచ్చినాది?"

అందరూ తవిటయ్య వైపు తిరిగారు.

"టైరు పోనాదన్నాడు డ్రైవరు," అన్నాడు తవిటయ్య.

బ్లెస్సీ సుద్దముక్కతో సోమవారం, మంగళవారం రేట్ల కింద గీత గీసింది. ఒప్పందంలో ఒక మాట ఉంది. తూకమయ్యాక మూడు రోజుల లోపల ఫ్యాక్టరీ ఎప్పుడైనా సరుకు ఎత్తుకోవచ్చు. ఎత్తిన రోజు రేటే రేటు. ఆ మాట ఆమె పదిసార్లు చదివింది, ఒక్కసారీ అనుమానించలేదు. షేరాటోలోంచి రేపు దిగేదెవరో ఇవాళే తెలుస్తుంది. బుధవారపు పెద్ద ధర మంగళవారం దిగిపోతుందని సోమవారమే ఎవరికైనా తెలుసు. బజారు మరీ ఎగిరితే తప్ప రేటు పడుతుంది. లారీ ఒక్కరోజు ఆగితే బస్తాకు రెండు వందల మూడు రూపాయలు మిగులు.

ఆ సంగతి అందరికీ వినిపించేలా చెప్పింది. చెప్పి, "టైరు నిజంగానే పోయిందేమో నాకు తెల్దు. పోయినా పోకపోయినా లాభం ఆళ్ళకే," అంది.

"మరి కొత్త లెక్క ఎందుకొప్పుకున్నాడే?"

"అదీ సూద్దాం. ఆఫ్రికా పిక్కల ఓడ విశాఖలో దిగుతోందని బజార్లో అంటున్నారు గదా. దిగి, ధర ఒక్కసారిగా పన్నెండు వేల నుంచి పదకొండు వేల వందకి పడిందనుకుందాం. మన పాత లెక్కలో మొదటి రోజు రేటు పదకొండు వేల ఎనిమిదొందల ఇరవై. కొత్త లెక్కలో పదకొండు వేల ఏడొందలే. రెండో రోజు పాతది పదకొండు వేల ఆరొందల నలభై, కొత్తది పదకొండు వేల అయిదొందలు. మూడో రోజూ కొత్తదే తక్కువ."

"అంటే నాలిక్కి కొత్త రుచి ముందు తగిలేది సేదైనా ముందే తగుల్తాదన్నమాట," అన్నాడు తవిటయ్య నెమ్మదిగా.

"అవును బాబాయ్. పాత లెక్క ఆలస్యంగా కదుల్తుంది. ధర పెరిగేటప్పుడు ఆ ఆలస్యం మనకి నష్టం, పడేటప్పుడు మనకి కాపుదల. అయిదో రోజుకి పాతది పదకొండు వేల వందకి దిగిపోద్ది, కొత్తది పదకొండు వేల రెండొందల పద్దెనిమిది దగ్గరే ఉంటాది. ఏ లెక్కా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. సరుకెత్తే రోజు ఎవడి చేతిలో ఉంటే లెక్క ఆడిది."

ఆ మధ్యాహ్నం మిగతా సరుకు కోసం వచ్చిన రెండో లారీలోకి ఒక్క బస్తా కూడా ఎక్కలేదు. సింహాచలమ్మ బస్తాల మీద ఎక్కి కూర్చుంది. ఫణిశంకర్ స్వయంగా దిగాడు.

"ఏంటమ్మా బ్లెస్సీ, రైతుల్ని రెచ్చగొడుతున్నావు? ఒప్పందంలో లేనిది మేమేం చేశాం?"

"ఏమీ చేయలేదు సార్. అందుకే ఒప్పందం మార్చమంటున్నాం. లెక్క పాతదే ఉండనివ్వండి. తూకమైన రోజు రేటే రేటు. లారీ ఎప్పుడొచ్చినా సరే."

"అప్పుడు మీరు తూకం రోజు చూసుకుని ఆడతారు. మేం పిచ్చోళ్ళమా?"

అది న్యాయమైన అనుమానమే. బ్లెస్సీ కాదనలేదు. "ప్రతి సోమవారం, గురువారం తూకం. పండగొచ్చినా అంతే. మీరూ కదపలేరు, మేమూ కదపలేం."

ఫణిశంకర్ యజమానితో ఫోనులో మాట్లాడి వస్తానని పక్కకు వెళ్ళాడు. పక్క మండలాల్లో పిక్కల కోసం పోటీ ఉంది, ఫ్యాక్టరీ బాయిలర్ చల్లారితే ఆయనకూ నష్టమే. తిరిగొచ్చి మొహం ముడుచుకుని సంతకం పెట్టాడు. మంగళవారం ఎత్తిన సరుకుకీ సోమవారం రేటే ఇవ్వడానికి ఇంకో గంట పేచీ పెట్టి, చివరికి ఒప్పుకున్నాడు.

తవిటయ్య బ్లెస్సీని తీసేయమన్న కాగితం జేబులోంచి తీసి చింపబోయాడు. ఆమె ఆపింది.

"చింపకండి బాబాయ్. ఆ కాయితంలో ఇంకో ముక్క రాయండి. ఇక నుంచి లెక్క నేనొక్కదాన్నే వెయ్యను. సంఘంలో ఇద్దరు ఎదురుగా నిలబడి, ధర ధరా చదివి కూడాల. నన్ను నమ్మొద్దు."

"నిన్నెవరు నమ్మీసినారే!" అంది సింహాచలమ్మ బస్తాల మీద నుంచి దిగుతూ. నవ్విందో లేదో తెలియలేదు. "ఆ ఇద్దర్లో నానొకదాన్ని రాయించు."

గురువారం సాయంత్రం చీకటి పడకముందే ఆమె వచ్చింది. చదువు రాదు, అంకెలు వచ్చు. బ్లెస్సీ ఐదు ధరలు రాసి కూడుతుంటే, ఆమె వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ మధ్యలో ఆపింది.

"ఆగాగు. శనారం ధర మళ్ళీ సెప్పు. నానింకా కూడలేదు."